16 లక్షల ఆఫరా, 14 లక్షల ఆఫరా: సంతకానికి ముందు వేసుకోవాల్సిన లెక్క

ఉప్పల్‌లో ఉంటూ నాలుగేళ్లుగా ఒక ఐటీ సర్వీసెస్ కంపెనీలో ఆటోమేషన్ టెస్టింగ్ చేస్తున్న ఒక ఇంజనీరును ఉదాహరణగా తీసుకుందాం. ఆగస్టులో రెండు చోట్ల ఇంటర్వ్యూలు ఇచ్చింది, రెండు చోట్లా సెలెక్ట్ అయింది. ఒకటి నానక్‌రామ్‌గూడలో ఉన్న మరో పెద్ద సర్వీసెస్ కంపెనీ, సీటీసీ 16 లక్షలు. రెండోది రాయదుర్గంలో ఒక విదేశీ సంస్థ సొంత పనుల కోసం పెట్టుకున్న టెక్నాలజీ సెంటర్, అందరూ జీసీసీ అంటున్నది. అక్కడ సీటీసీ 14 లక్షలు. ఇంట్లో ఎవరిని అడిగినా 16 అనే చెబుతారు. ఏడాదికి రెండు లక్షలు ఎవరు వదులుకుంటారు? అయితే ఆ రెండు లక్షలు అసలు ఎక్కడున్నాయో ముందు వెతకాలి.

జీతం: చివరి పేజీ చదవండి

ఆఫర్ లెటర్ మొదటి పేజీలో ఉండే అంకె కంపెనీకి మీ మీద అయ్యే మొత్తం ఖర్చు. మీకు వచ్చే డబ్బు చివర్లో ఉండే జీతం వివరాల పట్టికలో ఉంటుంది. లెటర్‌లో ఆ పట్టిక లేకపోతే హెచ్‌ఆర్‌ను అడిగి తెప్పించుకోండి, అది రాకుండా పోలిక మొదలుపెట్టకండి. మన ఉదాహరణలో రెండు పట్టికలూ ఇలా ఉన్నాయి.

| ఏడాదికి, రూపాయల్లో | 16 లక్షల ఆఫర్ | 14 లక్షల ఆఫర్ |
|---|---|---|
| నెలనెలా ఇచ్చే జీతం మొత్తం | 11,40,000 | 12,52,000 |
| అందులో బేసిక్ | 6,00,000 | 6,50,000 |
| కంపెనీ వాటా పీఎఫ్ | 72,000 | 78,000 |
| వేరియబుల్ పే | 2,40,000 | 70,000 |
| జాయినింగ్ బోనస్ | 1,00,000 | లేదు |
| గ్రాట్యుటీ | 28,860 | సీటీసీలో కలపలేదు |
| ఆరోగ్య బీమా ప్రీమియం | 19,140 | సీటీసీలో కలపలేదు |

కింది మూడు వరుసలూ చూడండి. గ్రాట్యుటీ చట్టప్రకారం ఎలాగూ ఇవ్వాల్సిందే. పర్మనెంట్ ఉద్యోగికి అయిదేళ్లు నిండితేనే అది చేతికి వస్తుంది, రెండు మూడేళ్లకు కంపెనీ మారేవాళ్లకు ఆ 28,860 కాగితం మీదే ఉండిపోతుంది. ఒక కంపెనీ దాన్ని సీటీసీలో కలిపి, ఇంకోటి కలపకపోతే, కలిపినది పెద్దగా కనిపిస్తుంది. బీమా ప్రీమియం సంగతీ అంతే. జాయినింగ్ బోనస్ ఒక్కసారి వచ్చే డబ్బు, రెండో ఏడాది ఉండదు. ఈ మూడూ తీసేస్తే 16 లక్షల ఆఫర్ 14,52,000 అయింది. 14 లక్షలది అలాగే ఉంది. రెండు లక్షల తేడా 52 వేలకు దిగింది. ఆ 14,52,000లోనూ 2,40,000 వేరియబుల్, అంటే వస్తుందో రాదో తెలియని డబ్బు.

ఇప్పుడు నెల జీతం. మొదటి దాంట్లో నెలకు 95,000. ఉద్యోగి వాటా పీఎఫ్ 6,000, తెలంగాణ వృత్తి పన్ను 200 పోతే చేతికి 88,800. రెండో దాంట్లో నెలకు సుమారు 1,04,330. పీఎఫ్ 6,500, వృత్తి పన్ను 200 పోతే 97,630. ప్రతి నెలా ఒకటో తారీఖున బ్యాంకులో పడేది 14 లక్షల ఆఫర్‌లోనే 8,800 ఎక్కువ. ఇంటి అద్దె, ఈఎంఐ ఉన్నవాళ్లకు సీటీసీ కన్నా ఈ అంకె ముఖ్యం, ఎందుకంటే ఈఎంఐ వేరియబుల్ వచ్చేదాకా ఆగదు.

పీఎఫ్ గురించి ఒక మాట. కొన్ని కంపెనీలు బేసిక్‌లో 12 శాతం కాకుండా చట్టం చెప్పిన 15,000 పరిమితి మీద 12 శాతం, అంటే నెలకు 1,800 మాత్రమే కడతాయి. అలాంటి చోట చేతికి వచ్చేది ఎక్కువగా కనిపిస్తుంది. పీఎఫ్‌లోకి పోయేదీ మీ డబ్బే కాబట్టి, ఒక ఆఫర్‌లో 1,800, ఇంకోదాంట్లో పూర్తి 12 శాతం ఉంటే చేతి జీతాలను పక్కపక్కన పెట్టి పోల్చకండి. రెండు చోట్లా పీఎఫ్ వాటాలు కలిపి చూడండి. అలాగే బేసిక్ మొత్తం జీతంలో సగానికి బాగా తక్కువగా ఉంటే, ఆ జీతం విభజన మారుతుందా అని అడగండి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటిన భాగాన్ని కూడా వేతనంగానే లెక్కిస్తారు.

12.75 లక్షల దగ్గర ఉన్న గోడ

ఈ స్థాయి జీతాల్లో చాలామంది చూడనిది ఇంకోటుంది. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా మిగిలే ఆదాయం 12 లక్షలు దాటకపోతే పన్ను లేదు. ఉద్యోగికి అది 12,75,000. ఆ గీత దాటిన వెంటనే పన్ను మొత్తం ఒకేసారి పడకుండా మార్జినల్ రిలీఫ్ ఉంటుంది. గీత మీద ఎంత దాటారో పన్ను అంతకు మించదు, దానిపై 4 శాతం సెస్ మాత్రం అదనం. వినడానికి మేలుగానే ఉంది కానీ, మరోలా చెప్పాలంటే గీత దాటిన తర్వాత మొదటి 70 వేల దాకా వచ్చే ప్రతి రూపాయీ పన్నుకే పోతుంది.

14 లక్షల ఆఫర్ సరిగ్గా ఇక్కడే ఉంది. నెల జీతం ఒక్కటే అయితే 12,52,000, పన్ను సున్నా. 70,000 వేరియబుల్ పూర్తిగా వచ్చిందనుకోండి, మొత్తం 13,22,000. స్టాండర్డ్ డిడక్షన్ పోతే 12,47,000. గీత మీద 47,000 దాటింది. పన్ను 47,000, సెస్ 1,880. డెబ్బై వేల వేరియబుల్‌లో చేతికి మిగిలేది 21,120.

దీనికి మార్గం ఉంది, కాకపోతే కంపెనీ ఒప్పుకోవాలి. కంపెనీ తరఫున ఎన్‌పీఎస్‌లోకి బేసిక్‌లో 14 శాతం దాకా జమ చేస్తే, కొత్త విధానంలో కూడా ఆ మొత్తానికి మినహాయింపు ఉంది. ఇక్కడ 8 శాతం చాలు. 6,50,000లో 8 శాతం అంటే 52,000. ఆ డబ్బు అలవెన్సుల్లోంచి తీసి ఎన్‌పీఎస్‌లో వేస్తే పన్ను వేసే ఆదాయం 11,95,000కు దిగుతుంది, పన్ను సున్నా. ఎన్‌పీఎస్ పెట్టుకోకుండా పన్ను కడితే ఏడాదికి చేతికి వచ్చేది 11,92,720. పెట్టుకుంటే 11,89,600. ఏడాది మొత్తంలో తేడా 3,120 రూపాయలు, బదులుగా పెన్షన్ ఖాతాలో 52,000 ఉంటాయి. ఆ డబ్బు చాలావరకు ఏళ్ల తరబడి తీయలేరు కాబట్టి దగ్గర్లో పెద్ద ఖర్చు ఉన్నవాళ్లు ఆలోచించుకోవాలి. ఏమైనా సంతకానికి ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటి దొరికింది: కంపెనీ ద్వారా ఎన్‌పీఎస్ ఎంచుకునే వీలుందా?

16 లక్షల ఆఫర్‌లో వేరియబుల్ ఎంత శాతం వస్తుందన్న దాన్నిబట్టి లెక్క మారుతుంది. రెండో ఏడాది చూద్దాం, అప్పటికి జాయినింగ్ బోనస్ ఉండదు. వేరియబుల్ నూరు శాతం వస్తే 2,40,000లో పన్ను, సెస్ కలిపి 78,780 పోయి, ఏడాదికి చేతికి 12,26,820. అరవై శాతమే వస్తే పన్ను 9,360, చేతికి 12,00,240. నలభై శాతం వస్తే పన్ను లేదు, చేతికి 11,61,600. వీటిని అవతలి 11,92,720తో పోల్చండి. అక్కడ రెండు వాటాలూ కలిపి పీఎఫ్ ఏడాదికి 12,000 ఎక్కువ పడుతుందని కూడా గుర్తుంచుకోండి. అంటే వేరియబుల్ మొత్తం ఇస్తే 16 లక్షల ఆఫర్ ఏడాదికి సుమారు 22,000 ముందుంది. అరవై శాతమే ఇస్తే దాదాపు సమానం. అంతకన్నా తగ్గితే 14 లక్షలదే ఎక్కువ.

మొదటి ఏడాది వేరే చూడాలి. నవంబర్‌లో చేరితే వేరియబుల్ చేరిన నెలల లెక్కనే వస్తుంది. చాలాచోట్ల అది ఇచ్చే రోజుకు మీరు కంపెనీ రోల్స్‌లో ఉండాలి, నోటీసు పీరియడ్‌లో ఉన్నా ఇవ్వనివాళ్లు ఉన్నారు. జాయినింగ్ బోనస్‌కు సాధారణంగా ఒక షరతు ఉంటుంది: ఏడాదిలోపు మానేస్తే వెనక్కి కట్టాలి. కొన్నిచోట్ల రెండేళ్లు. వెనక్కి అడిగేది మొత్తం లక్ష, మీకు అప్పట్లో చేతికొచ్చింది టీడీఎస్ పోగా మిగిలినది. లెటర్‌లో ఈ వాక్యం దగ్గర ఆగి మూడు సంగతులు చూడండి. గడువు ఎన్ని నెలలు, వెనక్కి కట్టాల్సింది మొత్తమా లేక మిగిలిన నెలల లెక్కనా, కంపెనీయే తీసేస్తే కూడా కట్టాలా.

తెలియనివాటిని ఎలా లెక్కపెట్టాలి

డబ్బు లెక్క తేలింది. రెండు ఆఫర్లూ జీతం దగ్గర దాదాపు సమానం. ఇక మిగిలినవన్నీ ఇంకా తెలియని విషయాలే: ఏ ప్రాజెక్టు, ఎవరు మేనేజర్, వేరియబుల్ ఎంత ఇస్తారు, హైక్ ఎప్పుడు.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. తెలియనిచోట మనసు మధ్యస్థంగా ఏదో ఊహించుకుంటుంది. "వేరియబుల్ ఎనభై శాతమైనా ఇస్తారులే, ప్రాజెక్టు బాగానే ఉంటుందిలే" అనుకుంటాం. నచ్చిన ఆఫర్‌లో అయితే ఆ ఊహ ఇంకా పైకి పోతుంది. దానికి బదులు ఇలా చేయండి. ఒక కాగితం మీద రెండు ఆఫర్లకూ తెలియని విషయాలు రాసుకోండి. ప్రతిదానికీ ఎదురుగా, జరిగే అవకాశం ఉన్నవాటిలో అన్నిటికన్నా చెడ్డది రాయండి. తర్వాత ఒక్కొక్కటిగా చూస్తూ పోండి: ఈ ఒక్కటే చెడుగా తేలితే, మీరు ఇప్పుడు అనుకుంటున్న నిర్ణయం మారుతుందా? మారితే ఆ ప్రశ్నకు సంతకానికి ముందే జవాబు రాబట్టాలి. మారకపోతే ఆ ప్రశ్న వదిలేయండి. ఇలా జల్లెడ పడితే ఇరవై ప్రశ్నలు నాలుగైదుకు తగ్గుతాయి. హెచ్‌ఆర్ కూడా నాలుగు ప్రశ్నలకు జవాబిస్తుంది, ఇరవైకి ఇవ్వదు.

మన ఇంజనీరు కాగితంలో 16 లక్షల ఆఫర్ కింద మూడు మిగిలాయి. వేరియబుల్ గత రెండేళ్లలో ఎంత శాతం ఇచ్చారు. ఏ ప్రాజెక్టు, ఏ షిఫ్టు. రిపోర్టింగ్ మేనేజర్ ఎవరు. 14 లక్షల ఆఫర్ కింద రెండే: హైక్ ఎప్పటినుంచి, ఎన్‌పీఎస్ వీలుందా.

ఇల్లు, ఆఫీసు మధ్య దూరం గురించి ప్రశ్నే లేదు, అది తెలిసిన విషయమే. ఉప్పల్ నుంచి రాయదుర్గానికి నాగోల్ లైన్‌లో ఒకే మెట్రో. నానక్‌రామ్‌గూడకు అదే రైలు దిగి, షటిలో ఆటోనో ఎక్కాలి. వారానికి మూడు రోజులు వెళ్లడానికీ అయిదు రోజులు వెళ్లడానికీ తేడా వారంలో ప్రయాణానికి పోయే గంటల్లో కనిపిస్తుంది. ఈ లెక్క ఎవరిది వాళ్లు వేసుకోగలరు.

ఎదుగుదల: హైక్ తేదీ, చేసే పని

ఎదుగుదల అనగానే కంపెనీ పేరు, డిజిగ్నేషన్ చూస్తాం. డిజిగ్నేషన్ ఒక కంపెనీలో ఒకలా, మరోదాంట్లో ఇంకోలా ఉంటుంది. "సీనియర్" అన్న మాట ఒకచోట మూడేళ్లకు, మరోచోట ఏడేళ్లకు వస్తుంది. అందుకని డిజిగ్నేషన్ కాక లెవెల్ అడగండి: మీ లెవెల్ కింద ఎన్ని ఉన్నాయి, పైన ఎన్ని ఉన్నాయి, ఈ లెవెల్‌లో సాధారణంగా ఎన్నేళ్లు ఉంటారు.

అంతకన్నా ముందు అడగాల్సింది అప్రైజల్ కటాఫ్. చాలా కంపెనీల్లో హైక్ ఏప్రిల్‌లో వస్తుంది. కానీ సెప్టెంబర్ 30 లోపు చేరినవాళ్లకే ఆ ఏప్రిల్ హైక్ అని ఉంటుంది. ఇప్పుడున్న కంపెనీలో నోటీసు 90 రోజులు. ఆగస్టు మధ్యలో రాజీనామా ఇస్తే చేరేది నవంబర్ మధ్యలో. 14 లక్షల కంపెనీకి ఇలాంటి కటాఫ్ ఉంటే, మొదటి హైక్ వచ్చే ఏప్రిల్‌లో రాదు, ఆ పై ఏప్రిల్‌లో వస్తుంది. అంటే 17 నెలలు అదే జీతం. ఎనిమిది శాతం హైక్ అనుకున్నా, 12,52,000 మీద పన్నుకు ముందు ఏడాదికి సుమారు లక్ష రూపాయలు. ఇది ఆఫర్ లెటర్‌లో ఎక్కడా కనిపించదు. అడిగితే మాత్రం హెచ్‌ఆర్ దాచదు. అడిగేవాళ్లే తక్కువ.

పని విషయానికొస్తే, "మంచి టెక్నాలజీ" అన్న మాట దగ్గర ఆగకండి. రెండేళ్ల తర్వాత మీ రెజ్యూమేలో ఈ ఉద్యోగం కింద మూడు పాయింట్లు రాయాలనుకోండి. ఆ మూడూ ఇప్పుడే రాయగలరా? రాయదుర్గం టీమ్ వాళ్లు ఇంటర్వ్యూలో చెప్పినదాన్ని బట్టి రాయగలిగింది: చేతితో నడుపుతున్న రిగ్రెషన్ టెస్టులను ప్లేరైట్‌లోకి మార్చడం, ప్రతి బిల్డ్‌తో పాటు అవి వాటంతట అవే నడిచేలా పైప్‌లైన్‌లో పెట్టడం, పేమెంట్ సర్వీసులకు ఏపీఐ టెస్టులు రాయడం. నానక్‌రామ్‌గూడ ఆఫర్ కింద ఏమీ రాయలేకపోయింది, ఎందుకంటే అక్కడ ఇంటర్వ్యూ చేసింది టెక్నికల్ ప్యానెల్, పని ఇచ్చేది వేరే ఎవరో. సర్వీసెస్ కంపెనీల్లో ఇది మామూలే. చేరాక ప్రాజెక్టు ఖాళీనిబట్టి పంపుతారు. మంచి క్లయింటు దొరికితే అవతలివాళ్ల కన్నా మంచి పనే దొరకవచ్చు. సపోర్ట్ ప్రాజెక్టు వస్తే రాత్రి షిఫ్టులో టికెట్లు మూయడమే పని. బెంచ్ మీద కూర్చోబెడితే ఆ ఏడాది రేటింగ్ పోయినట్టే, వేరియబుల్ కూడా దాంతో పాటే. అలా చూస్తే ప్రాజెక్టు ఏదన్న ప్రశ్న జీతం ప్రశ్న కూడా.

జీసీసీలకూ ఒక పరిమితి ఉంది. కొన్ని చోట్ల నిర్ణయాలన్నీ విదేశంలోని ఆఫీసులోనే జరుగుతాయి, ఇక్కడి టీమ్ చెప్పినది చేసి పంపుతుంది. దాన్ని కనిపెట్టే ప్రశ్న: "ఏ టెస్ట్ ఆపాలో, ఏ రిలీజ్ ఆపాలో ఎవరు చెబుతారు? హైదరాబాద్‌లో ఉన్నవాళ్లలో ఎవరికైనా ఆ అధికారం ఉందా?"

మేనేజర్: అరగంట ఫోన్ కాల్‌లో ఏం తెలుస్తుంది

ఇంటర్వ్యూలో ప్రశ్నలు అడిగిన మనిషి మీ మేనేజర్ అని అనుకోకండి. ఆఫర్ వచ్చాక హెచ్‌ఆర్‌కు ఒక మాట చెప్పండి: "నేను రిపోర్ట్ చేయబోయే వారితో ఒక అరగంట మాట్లాడాలి, ఆ తర్వాత జవాబు చెబుతాను." ఆఫర్ చేతిలో ఉన్నాక ఈ మాట అడగడం తప్పుగా ఎవరూ అనుకోరు. మాట్లాడించడానికి ఒప్పుకుంటే అదే మొదటి మంచి గుర్తు. మూడుసార్లు అడిగినా "చేరాక చూద్దాం" అంటే, మేనేజర్ ఎవరో వాళ్లకే తెలియదని అర్థం.

కాల్‌లో "మీ టీమ్ కల్చర్ ఎలా ఉంటుంది" అని అడిగితే అందరూ బాగుంటుందనే చెబుతారు. జరిగిపోయిన సంఘటనల గురించి అడగండి. పోయిన రిలీజ్ ఏ రోజు అయింది, ఆ వారం టీమ్ ఎన్నింటికి ఇంటికెళ్లింది? ఈ ఏడాది మీ టీమ్ నుంచి వెళ్లిపోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా, ఎక్కడికి వెళ్లారు? మీ టీమ్‌లో చివరిగా ప్రమోషన్ ఎవరికి వచ్చింది, దేనికి వచ్చింది? మొదటి మూడు నెలల్లో నేను ఏం చేసి చూపిస్తే మీకు తృప్తి?

జవాబులో వినాల్సింది వివరం. ఒక మేనేజర్ ఇలా అన్నారనుకోండి: "పోయిన రిలీజ్ శుక్రవారం పెట్టాం, అది మా తప్పే. శనివారం మధ్యాహ్నం దాకా ఇద్దరు కూర్చున్నారు, సోమవారం వాళ్లకు సెలవిచ్చాం. ఇప్పుడు బుధవారాలే పెడుతున్నాం." ఈ మూడు వాక్యాల్లో తప్పు ఒప్పుకోవడం, టీమ్ టైమ్ గమనించడం, మార్పు చేయడం ఉన్నాయి. ఇంకొకరు "మా దగ్గర వర్క్ లైఫ్ బ్యాలెన్స్ చాలా బాగుంటుంది, మేమంతా ఒక ఫ్యామిలీలా ఉంటాం" అని, ఎంత అడిగినా ఒక్క తేదీ, ఒక్క సంఘటన చెప్పకపోతే, ఆ జవాబును ఖాళీగానే లెక్కపెట్టండి. వెళ్లిపోయినవాళ్ల గురించి చులకనగా మాట్లాడితే అది ఖాళీ కూడా కాదు, చెడ్డ జవాబే. మూడు నెలల ప్రశ్నకు "ముందు వచ్చి సెటిల్ అవ్వండి" అన్న జవాబు వస్తే, మీకోసం పని ఇంకా అనుకోలేదన్నమాట.

రెండో దారి, ఆ టీమ్‌లో పనిచేసి ఈ ఏడాదిలోపు బయటికొచ్చిన మనిషిని లింక్డ్‌ఇన్‌లో వెతకడం. ఇప్పుడు లోపల ఉన్నవాళ్లు, ముఖ్యంగా మిమ్మల్ని రిఫర్ చేసినవాళ్లు, పూర్తిగా చెప్పలేరు. రిఫరల్ బోనస్ సంగతి అలా ఉంచినా, రేపు అదే టీమ్‌లో కలిసి పనిచేయాలి కదా. బయటికొచ్చినవాళ్లను "మేనేజర్ మంచివారేనా" అని అడగకండి. "మళ్లీ ఆయన కింద పని దొరికితే వెళ్తారా" అని అడగండి. తడుముకోకుండా వచ్చే జవాబు ఒకటి, కాస్త ఆగి వచ్చే జవాబు ఇంకొకటి. ఒక్కరి మాట మీద మాత్రం నిర్ణయం తీసుకోకండి, ఇద్దరిని అడగండి. మేనేజర్ మీద మరీ ఎక్కువ బరువు కూడా పెట్టకండి. పెద్ద కంపెనీల్లో ఏడాదిలోనే మేనేజర్ మారిపోవచ్చు. టీమ్‌లో ఒకే చోట మూడేళ్లుగా ఉన్నవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటే, మేనేజర్ మారినా అక్కడ పని నడిచే తీరు త్వరగా చెడిపోదు.

జవాబులు రాబట్టడం

ఫోన్‌లో చెప్పినదాన్ని అదే రోజు మెయిల్‌గా పంపి "నేను సరిగ్గా అర్థం చేసుకున్నానా" అని అడగండి. హెచ్‌ఆర్ మనిషి మారిపోతే ఫోన్ మాటకు విలువ లేదు. ఆఫర్ మీద మూడు రోజుల గడువు ఉంటే, గడువు పొడిగించమని ఊరికే అడగకండి, ఒక తేదీ చెప్పండి: "మేనేజర్‌తో కాల్ బుధవారం అయితే, శుక్రవారం సాయంత్రం లోపు ఖాయంగా చెబుతాను." చెప్పిన శుక్రవారం జవాబు ఇవ్వండి కూడా.

జీతం గురించి అడగాలనుకుంటే ఒకే ఒక్కసారి, ఒకే ఒక్క కోరికతో వెళ్లండి. 16 లక్షల కంపెనీని ఇంకో లక్ష అడగడం కన్నా, వేరియబుల్‌లో 80,000 ఫిక్స్‌డ్‌లోకి మార్చమని అడగడం మేలు, వాళ్ల మొత్తం ఖర్చు పెద్దగా మారదు కాబట్టి. కాకపోతే చాలా కంపెనీల్లో ఫిక్స్‌డ్, వేరియబుల్ నిష్పత్తి లెవెల్‌ను బట్టి ముందే ఖాయమై ఉంటుంది, రిక్రూటర్ చేతిలో ఉండదు. జాయినింగ్ బోనస్ మాత్రం చాలాచోట్ల రిక్రూటర్ ఒక మెయిల్‌తో తెప్పించగలరు. 14 లక్షల కంపెనీ దగ్గర ఏప్రిల్ హైక్ పోతున్నందుకు బదులుగా అడగాల్సింది అదే.

ఇంట్లో అమ్మానాన్నలకు మందులు, ఆసుపత్రి ఖర్చులు ఉంటే ఇంకో ప్రశ్న కలుపుకోండి: గ్రూప్ ఇన్సూరెన్స్‌లో తల్లిదండ్రులకు కవర్ ఉందా, ఉంటే ఎంత, ఆ ప్రీమియం ఎవరు కడతారు, ముందునుంచే ఉన్న జబ్బులకు మొదటి రోజు నుంచే వర్తిస్తుందా. అరవై దాటి, షుగర్ ఉన్నవాళ్లకు బయట పాలసీ తీసుకోవడం ఖరీదు, జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ కూడా ఉంటుంది. కొన్ని కుటుంబాలకు జీతంలో ఉన్న తేడా కన్నా ఈ ఒక్క ప్రశ్న పెద్దది.

ఉదాహరణ చివరికి ఎటు తేలింది

మన ఇంజనీరు ఇద్దరు హెచ్‌ఆర్‌లకూ సోమవారం మెయిల్ పంపిందనుకుందాం. బుధవారానికి వచ్చిన జవాబులు ఇవి. 16 లక్షల కంపెనీ: వేరియబుల్ కంపెనీ లాభాన్ని, వ్యక్తిగత రేటింగ్‌ను బట్టి ఉంటుంది, గత ఏళ్ల శాతం చెప్పడానికి వీల్లేదు. ప్రాజెక్టు, మేనేజర్ చేరాక చెబుతారు. 14 లక్షల కంపెనీ: కటాఫ్ సెప్టెంబర్ 30, మార్చడం కుదరదు. 75,000 జాయినింగ్ బోనస్ ఇవ్వగలం, ఏడాదిలోపు వెళ్తే మిగిలిన నెలల లెక్కన తిరిగి కట్టాలి. ఎన్‌పీఎస్ వీలుంది. మేనేజర్‌తో కాల్ గురువారం పదకొండు గంటలకు.

మొదటి కంపెనీ జవాబులేవీ ఖాళీలను నింపలేదు, కాబట్టి కాగితంలో చెడ్డ అంకెలే ఉంటాయి: వేరియబుల్ నలభై శాతం, సపోర్ట్ ప్రాజెక్టు, పేరు తెలియని మేనేజర్. రెండో కంపెనీలో చెడ్డది జరగనే జరిగింది, హైక్ ఒక ఏడాది పోయింది. అయినా దాని అంకె తెలుసు. అందులో ఎక్కువ భాగాన్ని బోనస్ పూడ్చింది. గురువారం కాల్ బాగా జరిగితే 14 లక్షల ఆఫర్ తీసుకోవడమే సరైనది.

ఇదే ఉదాహరణలో ఏం మారితే జవాబు మారుతుంది? నానక్‌రామ్‌గూడ వాళ్లు ప్రాజెక్టు పేరు చెప్పి, దాని మేనేజర్‌తో మాట్లాడించి, అక్కడ పనిచేస్తున్న ఇద్దరు గత రెండేళ్లలో వేరియబుల్ తొంభై శాతం పైనే వచ్చిందని చెప్పి ఉంటే, అటే వెళ్లవచ్చు. లేదా ఇల్లు ఉప్పల్‌లో కాకుండా గచ్చిబౌలిలో ఉండి, నెలకు కట్టే ఈఎంఐ ఏదీ లేకపోతే, వేరియబుల్ మీద కొంత పందెం కాయగలరు. గురువారం కాల్‌లో మేనేజర్ ఒక్క ప్రశ్నకూ సూటిగా చెప్పకపోతే రెండు ఆఫర్లూ మళ్లీ సమానమవుతాయి. అప్పుడు ఇప్పుడున్న ఉద్యోగంలోనే ఇంకో రెండు నెలలు ఉండి వెతకడం కూడా మూడో ఆఫర్ లాంటిదే, దాన్ని కూడా కాగితం మీద రాసి పోల్చండి.

నిర్ణయం అయ్యాక వరుస తప్పకండి. ముందు ఆఫర్ లెటర్, జీతం పట్టిక, చేరే తేదీ, బోనస్ షరతు అన్నీ రాతలో వచ్చాయో చూడండి. కొన్ని కంపెనీలు మొదట లెటర్ ఆఫ్ ఇంటెంట్ మాత్రమే పంపుతాయి, అది ఆఫర్ లెటర్ కాదు, దాన్ని చూసి రాజీనామా ఇవ్వకండి. సంతకం చేసి పంపి, అటునుంచి అందిందన్న మెయిల్ వచ్చాకే ఇక్కడ రాజీనామా ఇవ్వండి. అదే రోజు వద్దనుకున్న కంపెనీ హెచ్‌ఆర్‌కు ఫోన్ చేసి రావడం లేదని చెప్పి, మెయిల్ కూడా పెట్టండి. రెండు లెటర్ల మీదా సంతకం పెట్టి, చేరే రోజుదాకా ఒకరిని ఆపి ఉంచేవాళ్లు ఉన్నారు. మూడు నెలలు మీకోసం ఖాళీ ఉంచిన ఆ సీటు చివరి రోజున పోతే, ఆ కంపెనీ రికార్డుల్లో మీ పేరు పక్కన అది నిలిచిపోతుంది, ఆ రిక్రూటర్ రేపు ఇంకో కంపెనీలో మళ్లీ ఎదురుపడవచ్చు.